నోటి పూతకి ఇంటి మందు ఎన్నాళ్లు, పరీక్ష ఎప్పుడు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, అప్పుల రికవరీ లెక్కలన్నీ మీ చేతుల్లో ఉన్న నివేదికలోనే ఉన్నాయి కాబట్టి వాటిని మళ్లీ చదవం. ఈ ఏడాది ఆరోగ్యం మీద ఏం చేశారో చెప్పమన్నారు. మేము ఒక్క విషయమే తీసుకున్నాం, అది నోటి పూత. దీనికి మీటింగెందుకు, కాస్త తేనె రాస్తే పోతుంది కదా అని మా సంఘంలోనే ఇద్దరు ముగ్గురు నవ్వారు. నిజమే, పది పుళ్లలో తొమ్మిది అలాగే పోతాయి. పోని ఆ ఒక్కటి ఎలా ఉంటుందో, అది మన శ్రీకాకుళం జిల్లాలో నోట్లో ఎక్కడ దాక్కుంటుందో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

ముందు మామూలు పూత సంగతి చూద్దాం. పెదవి లోపలివైపు, బుగ్గ లోపల, నాలుక అంచున, నాలుక కింద మెత్తటి చోట వస్తుంది. గుండ్రంగానో కోలగానో ఉంటుంది. మధ్యలో తెల్లగా లేదా పసుప్పచ్చగా పొర కట్టి, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. మినపగింజంత నుంచి శనగగింజంత ఉంటుంది. చూడ్డానికి చిన్నదే గానీ నొప్పి మాత్రం పెద్దది. కారం తగిలితే కళ్లంట నీళ్లొస్తాయి. ఇది అంటుకునే జబ్బు కాదు, ఒకే గ్లాసులో నీళ్లు తాగితే రాదు. నిద్ర లేకపోయినా, దిగులుగా ఉన్నా, అన్నం తింటూ బుగ్గ కొరుక్కున్నా రావచ్చు. మా వైపు జీడి పనికి వెళ్లే వాళ్లకి ఇంకో కారణం ఉంది. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చేతికి అంటుకుని, ఆ చేత్తోనే ఏదైనా నోట్లో వేసుకుంటే పెదవి పొక్కిపోతుంది. పని దిగాక చేతులు బాగా కడుక్కోకుండా టిఫిన్ డబ్బా తీయొద్దని మేము ఒకరికొకరం గుర్తు చేసుకుంటూనే ఉంటాం.

ఈ మామూలు పుండు ఏ మందూ రాయకపోయినా వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో తనంతట తనే మానిపోతుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తేనె, పసుపు, కొబ్బరి అన్నీ దీని మీదే పనిచేస్తాయి. అవి మంట తగ్గిస్తాయి, పుండు మీద పొరలా కప్పి ఉప్పూ కారం తగలకుండా చూస్తాయి, మానడానికి కాస్త సాయం చేస్తాయి. అంతవరకు మంచివే. మా ఇళ్లల్లో మేమూ అవే వాడతాం. ఎలా వాడాలో చెబుతాం, ఎందుకంటే సగంమంది ఉపయోగం లేనట్టుగా వాడుతున్నారు.

ముందు అరచెంచా ఉప్పు గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో కలిపి పుక్కిలించి ఉమ్మేయాలి. తర్వాత ఉతికిన మెత్తటి గుడ్డ కొసతో పుండు మీద తడి మెల్లగా అద్దాలి. చాలామంది ఈ పని వదిలేస్తారు. తడి మీద రాస్తే తేనె నిలవదు, లాలాజలంతో పాటు గొంతులోకి జారిపోతుంది. ఒక చెంచా తేనెలో పావు చెంచా పసుపు కలిపి, కడిగిన వేలితో చుక్కంత తీసుకుని పుండు మీద పెట్టాలి. పది నిమిషాలు నోరు కదపకూడదు, అరగంట ఏమీ తినకూడదు. తిన్న తర్వాత మూడుసార్లు, పడుకునే ముందు ఒకసారి చాలు. తేనె కూడా తీపే కదా, పళ్లకి అంటుకుని ఉంటే పళ్లు పుచ్చుతాయి. అందుకని అరగంట అయ్యాక నీళ్లతో పుక్కిలించాలి. షుగరున్న వాళ్లు తేనె మానేసి కొబ్బరినూనెలో పసుపు కలుపుకోవడం మేలు. ఏడాది నిండని పిల్లల నోట్లో తేనె చుక్క కూడా పెట్టకూడదు. పసిపిల్లలకి తేనె వల్ల ప్రాణం మీదికి తెచ్చే జబ్బు రావచ్చు. నాలుకకి రాయడమేగా, మింగడం లేదుగా అని అమ్మమ్మలు అంటారు. రాసినా లోపలికే పోతుంది.

పసుపు కొమ్ములు కొనుక్కుని ఇంట్లో దంచుకున్నదో, మరలో పట్టించుకున్నదో అయితే మంచిది. విడిగా అమ్మే పొడిలో రంగు కలిపే వాళ్లున్నారు, అది పుండు మీద రాసుకోకూడదు. కొబ్బరినూనె కూడా వంటకి వాడేది తీసుకోవాలి. వాసన కలిపిన తలనూనె నోటికి పనికిరాదు.

పూత నోరంతా ఉండి ఎక్కడెక్కడో రాయడం కుదరకపోతే కొబ్బరిపాలు బాగుంటాయి. ఒక చిప్ప పచ్చికొబ్బరి తురిమి, అరగ్లాసు గోరువెచ్చటి నీళ్లు పోసి, నలిపి గుడ్డలో పిండాలి. ఆ పాలు గుక్కెడు గుక్కెడు నోట్లో పోసుకుని ఒక నిమిషం అటూ ఇటూ తిప్పి మింగెయ్యొచ్చు. రోజుకి మూడుసార్లు చెయ్యాలి, ఏ రోజుకి ఆ రోజు తీసుకోవాలి. పొద్దుటి పాలు సాయంత్రానికి పులిసిపోతాయి.

చెయ్యకూడనివి కూడా ఉన్నాయి. పుండు మీద సున్నం పెట్టడం, పొగాకు నలిపి అదమడం, నొప్పి మాత్ర నలిపి పెట్టడం. ఇవి పుండుని మాన్పవు, చర్మాన్ని కాల్చి ఇంకో పుండు చేస్తాయి. కాలినచోట కాసేపు స్పర్శ ఉండదు కాబట్టి నొప్పి తగ్గిందనిపిస్తుంది.

ఇక పూత పోతూ, నెల తిరక్కుండా మళ్లీ వస్తూ ఉందంటే రాసే మందు మార్చి లాభం లేదు. అది రక్తం తక్కువై వస్తూ ఉండొచ్చు. ఇనుము, బి12, ఫోలిక్ యాసిడ్ తక్కువైతే నోరు తరచూ పూస్తుంది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయే వాళ్లు మన సంఘాల్లో ఎంతమంది లేరు! ఉపకేంద్రంలో రక్తపరీక్ష చేయించుకుని, తక్కువుంటే మాత్రలు తీసుకోవాలి. ఎన్ని రోజులు వాడమన్నారో అన్ని రోజులూ వాడాలి, నాలుగు రోజులకే వికారమని ఆపేయకూడదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాం.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. యాభై ఎనిమిదేళ్లు. పేరు చెప్పం, ఇక్కడే కూర్చుంది, చెప్పుకోమని తనే అనుమతి ఇచ్చింది. పెద్దమ్మ అడ్డపొగ తాగేది. బయట ఊళ్ల నుంచి వచ్చిన ఉద్యోగస్తులు ఈ మాట వినుండరు కాబట్టి చెబుతాం. చుట్ట వెలిగించి, ఆ వెలిగే కొసని నోట్లోకి పెట్టుకుని పెదాలు మూసి పీల్చడమే అడ్డపొగ. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో, సముద్రం ఒడ్డు ఊళ్లల్లో ఇది ఎక్కువగా ఆడవాళ్లకే ఉన్న అలవాటు. గాలికి చుట్ట ఆరిపోదు, నుసి పనిమీద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. కష్టం చేసుకునే మనిషికి ఇన్ని సౌకర్యాలుంటే ఎందుకు మానుతుంది? అందుకే అడ్డపొగ తాగే అమ్మల్ని తిట్టే వాళ్లతో మేము కలవం.

కానీ నిప్పు కొస ఎక్కడికి చూస్తుంది? పైకి, అంగిటి వైపు. పొగ, వేడి రెండూ అక్కడే తగులుతాయి. మామూలుగా పొగాకు నమిలే వాళ్లకి బుగ్గలోనో చిగురు దగ్గరో నాలుక పక్కనో పుండు వస్తుంది. అంగిటి ముందు గట్టి భాగంలో క్యాన్సర్ రావడం మిగతాచోట్ల తక్కువ. అడ్డపొగ ఉన్న మన ప్రాంతంలో ఆ చోటే ఎక్కువ దెబ్బతింటుంది. ఇది ఇప్పుడు కనిపెట్టిన మాట కాదు. 1966-67లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పదివేల మందికి పైగా నోళ్లు చూశారు. అడ్డపొగ తాగే వాళ్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద విశాఖ వైద్యులూ రాశారు. అంటే మన అమ్మమ్మల నోళ్ల గురించి దూరదేశాల పుస్తకాల్లో కూడా ఉంది. మన ఇంట్లో వాళ్లకే తెలీదు.

పెద్దమ్మకి సంక్రాంతి అయ్యాక వేడి టీ తాగుతుంటే అంగిట్లో చురుక్కుమంది. చుట్ట కాలిందనుకుంది. కోడలు తేనె, పసుపు కలిపి ఇచ్చింది. పెద్దమ్మ శ్రద్ధగా రాసుకుంది. చురుకు తగ్గింది కూడా. తగ్గిందంటే మానిందనుకుంది. నెల దాటాక ఊళ్లో ఒకాయన దగ్గర బీకాంప్లెక్స్ మాత్రలు, నోటికి రాసే జిగురు మందు తీసుకుంది. ఆ జిగురు మందు రాస్తే తిమ్మిరెక్కి నొప్పి తెలీదు. ఇంకో మూడు వారాలు అలా పోయాయి.

నెల మీటింగులో బిస్కెట్లు పంచుతుంటే పెద్దమ్మ నీళ్లలో ముంచుకుని తింటోంది. ఎందుకని అడిగాం. "ఏటీ నేదే, గట్టివి గుచ్చుకుంటన్నాయి" అంది. ఎన్నాళ్ల నుంచని అడిగితే "పండగెల్లినకాడ్నించి" అంది. మేము వేళ్ల మీద లెక్కేశాం, ఏడు వారాలు. చూపించమన్నాం. "నొప్పి నేదు కదే, చూసీదేటుంది" అని నోరు మూసేసింది. ఎంతమందికి నోరు చూపించుకోవడమంటే సిగ్గో మాకు ఆ రోజే తెలిసింది. గారపట్టిన పళ్లు చూస్తారని సిగ్గు. చివరికి అందరూ వెళ్లిపోయాక ఇద్దరమే ఉండి, గుమ్మం దగ్గర వెలుగులో తల వెనక్కి వంచమని టార్చి వేసి చూశాం.

మొదట పసుపు తప్ప ఏమీ కనపళ్లేదు. పొద్దున్న రాసుకున్న పసుపు అంగిలంతా అంటుకుని ఉంది. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. పసుపు మందే గానీ పుండు రంగుని దాచేస్తుంది. ఎర్రగా ఉందా, తెల్లగా ఉందా, పొర కట్టిందా అని తెలియాలంటే పసుపు పెట్టకముందు చూడాలి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు అస్సలు రాసుకోకూడదు, ముందు రోజు నుంచే ఆపాలి. పెద్దమ్మని బాగా పుక్కిలించమని మళ్లీ చూశాం. అంగిలంతా తెల్లగా మందంగా ఉంది, అందులో మెరకగా చిన్న చిన్న పొక్కులు, ఒక్కో పొక్కు మధ్యలో ఎర్రటి చుక్క. ఒక పక్కన మాత్రం అర్ధరూపాయి బిళ్లంత మేర తెలుపు లేదు. ఎర్రగా, చర్మం ఒలిచినట్టుంది, దాని మధ్యలో గంటు. వేలితో తాకితే అంచు చుట్టుపక్కల కంటే గట్టిగా తగిలింది.

మేము డాక్టర్లం కాదు, అదేమిటో చెప్పలేం. కానీ ఏడు వారాలైంది. రెండు వారాల్లో మానని పుండు ఏదైనా, చిన్నదైనా పెద్దదైనా, నొప్పున్నా లేకపోయినా చూపించాలి. ఈ లెక్క కట్టడానికి చదువక్కర్లేదు. నొప్పి లేదు కాబట్టి పర్లేదనుకోవడమే మనల్ని ముంచుతుంది. మామూలు పూత మొదటి రోజు నుంచే నొప్పెడుతుంది. చెడ్డ పుండు మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి మొదలయ్యేసరికి లోపలికి దిగిపోయి ఉంటుంది.

పుండు లేకపోయినా చూపించాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. తుడిస్తే పోని తెల్లమచ్చ, అంతకంటే ముఖ్యంగా ఎర్రమచ్చ. కారణం లేకుండా కదిలిపోయే పన్ను. మెడ పక్కన గట్టి గడ్డ. మింగడం కష్టమవడం, చెవిలోకి లాగే నొప్పి. గుట్కా, వక్కపొడి వేసుకునే వాళ్లకి నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోకపోవడం. ఈ గుట్కా మన మగపిల్లల్లో ఎక్కువవుతోంది, దాని సంగతి ఇంకో మీటింగులో మాట్లాడుకోవాలి.

పెద్దమ్మని ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. భయం జబ్బు గురించి కాదు. "ముక్క తీత్తే ముదిరిపోద్దంట" అని ఎవరో చెప్పారు. ఈ మాట మన ప్రతి ఊళ్లోనూ ఉంది. దీనివల్ల ఎంతమంది ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేశారో. ముక్క తీసి పరీక్ష చెయ్యడం వల్ల క్యాన్సర్ పుట్టదు, ముదరదు. ముదిరిపోయాక వెళ్లిన వాళ్లకి పరీక్షలో ఆ సంగతి బయటపడుతుంది, చూసేవాళ్లకి పరీక్ష వల్లే ముదిరిందనిపిస్తుంది. అంతే.

డబ్బు మాట కూడా వచ్చింది. పనికెళ్లకపోతే ఆ రోజు కూలి పోతుంది, తోడు వచ్చే కోడలికీ పోతుంది. సంఘం అంతర్గత పొదుపు నుంచి మూడువేలు ఆ రోజే ఇచ్చాం, తీర్మానం తర్వాత రాసుకున్నాం. ముందు పీహెచ్‌సీకి తీసుకెళ్లాం. అక్కడ డాక్టరమ్మ చూసి, మెడ తడిమి, కాగితం రాసి జిల్లా ఆసుపత్రి పళ్ల విభాగానికి పంపారు. అక్కడ ఎన్నాళ్ల నుంచి అలవాటు, రోజుకెన్ని చుట్టలు, పుండు ఎప్పుడు మొదలైంది అని అడిగారు. మేము తేదీలు కాగితం మీద రాసుకుని వెళ్లాం. ముప్పై ఐదేళ్లు, రోజుకి ఐదారు చుట్టలు, సంక్రాంతి తర్వాత మొదలు, ఫలానా మందులు వాడాం అని. అలా రాసుకెళ్లడం మంచిదయింది, ఎందుకంటే పెద్దమ్మ డాక్టరు ముందు "రోజుకొకటేనండీ" అనేసింది.

ముక్క తీయడానికి పావుగంట పట్టింది. అంగిటికి చిన్న ఇంజెక్షన్ ఇచ్చారు. అదొక్కటే నొప్పి అని పెద్దమ్మ ఇప్పుడు చెబుతుంది. బియ్యపుగింజ కంటే కాస్త పెద్ద ముక్క తీసి, మందు నీళ్ల సీసాలో వేసి, కుట్టు వేసి పంపారు. రెండు రోజులు చల్లటి గంజన్నం తింది. పది రోజులకి రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. కానీ ఆ ఎర్రటిచోట కణాలు మారడం మొదలయ్యాయని, అలా వదిలేస్తే కొంతమందికి క్యాన్సర్‌గా మారుతుందని చెప్పారు. ఆ మేరకి తీసేశారు. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోమన్నారు. మొన్న మూడోసారి వెళ్లొచ్చింది.

ఇంకాస్త ఆలస్యమై, అది ఎముక దాకా వెళ్లి ఉంటే ఏం చేస్తారని అడిగాం. అంగిటి ఎముక కొంత తీసెయ్యాల్సి వస్తుంది. అంగిట్లో రంధ్రం పడితే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో వస్తుంది. దాన్ని మూయడానికి కట్టుడు పళ్ల సెట్టులాంటి ప్లేటు చేసిస్తారు, జీవితాంతం పెట్టుకోవాలి. అందుకే ఆ ఏడు వారాలు మాకు అంత పెద్దవిగా అనిపించాయి.

అడ్డపొగ సంగతేమిటని మీరు అడుగుతారు. పెద్దమ్మ మానేసింది. ఒక్కరోజులో కాదు. మొదటి వారం రోజుకి రెండుకి తెచ్చింది, రెండో వారం తలనొప్పి, చిరాకు, కోడలితో గొడవ. ఆ రోజుల్లో మేము ఇద్దరిద్దరం సాయంత్రం వెళ్లి కూర్చునేవాళ్లం, ఎందుకంటే సాయంత్రం పని దిగాకే చుట్ట మీదికి మనసు పోతుంది. ఉసిరి ఒరుగు, సోంపు ఇచ్చాం. చుట్ట బదులు గుడాకు రాసుకుంటానంటే వద్దన్నాం, అదీ పొగాకే. పొగాకు మానాలనుకునే వాళ్లకి ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ నంబరు ఉంది, 1800-11-2356. పొగ మానాక అంగిట్లో తెలుపు చాలామందికి తగ్గుతుంది, పెద్దమ్మకీ తగ్గింది. ముసలితనంలో మాని ఏం లాభం అనే వాళ్లకి మేము ఆ అంగిలి చూపిస్తున్నాం. ఇప్పుడు సిగ్గుపడకుండా నోరు తెరుస్తోంది, మాకంటే తనే ఎక్కువ చెబుతోంది.

దీని తర్వాత మా సంఘంలో నెలకొకసారి నోళ్లు చూసుకుంటున్నాం. అద్దం, టార్చి, స్టీలు చెంచా చాలు. చేతులు కడుక్కుని, కట్టుడు పళ్లుంటే తీసి, పుక్కిలించి కూర్చోవాలి. పెదాలు తిప్పి లోపల చూడాలి. చెంచా కాడతో బుగ్గని పక్కకి లాగి రెండు వైపులా చూడాలి. నాలుక కొసని గుడ్డతో పట్టుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగి పక్కలు చూడాలి. పక్కలు వదలొద్దు, నాలుక పుండు అక్కడే ఎక్కువ. నాలుక పైకెత్తి కింద చూడాలి. చివరికి తల వెనక్కి వంచి అంగిలి చూడాలి. అందరూ మర్చిపోయేది ఇదే, మన వైపు ముందు చూడాల్సిందీ ఇదే. ఎక్కడైనా పుండు కనిపిస్తే వేలితో తాకి మెత్తగా ఉందో గట్టిగా ఉందో చూసి, ఆ రోజు తేదీ ఇంట్లో క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టాలి. అక్కడి నుంచి రెండు వారాలు తేనె రాస్తారో కొబ్బరిపాలు పుక్కిలిస్తారో మీ ఇష్టం. పదిహేనో రోజున మానకపోతే బస్సెక్కాలి. మినిట్స్ పుస్తకంలో పేర్లు రాయడం లేదు. కొంతమందికి ఇష్టం ఉండదు, పెళ్లికెదిగిన పిల్లలున్న ఇళ్లు ఉంటాయి.

ఇలా చూస్తే ఇంకొకరికి నాలుక పక్కన పుండు కనిపించింది. అందరం భయపడ్డాం. పళ్ల డాక్టరు చూస్తే విరిగిన దవడపన్ను అంచు రోజూ అక్కడే గీరుకుంటోంది. అంచు అరగదీశారు, పది రోజుల్లో పుండు మానింది. మానిందా లేదా అని మళ్లీ పిలిచి చూశాకే వదిలారు. పన్ను వల్లేలే అని మనకి మనమే అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. పన్ను సరిచేశాక కూడా రెండు వారాల్లో మానకపోతే దానికీ ముక్క పరీక్షే.

ముప్పై ఏళ్లు నిండిన వాళ్లకి బీపీ, షుగరుతో పాటు నోటి పరీక్ష కూడా ఆశా, ఏఎన్ఎం చెయ్యాల్సిన పనుల్లో ఉంది. చాలాచోట్ల బీపీ చూసి, రాసుకుని వెళ్లిపోతారు, మనమూ నోరు తెరవం. ఈసారి వచ్చినప్పుడు మీరే అడగండి. అడ్డపొగ తాగేవాళ్లయితే ఆ మాట చెప్పి, అంగిలి చూడమనండి.

మధ్యాహ్నం భోజనాల తర్వాత వెనకాల షెడ్డులో ఉంటాం. పెద్దమ్మ కూడా ఉంటుంది. నోరు చూపించుకోవాలనుకునే వాళ్లు వక్క, పాన్ వేసుకోకుండా, పుక్కిలించి రండి. టార్చికి కొత్త బ్యాటరీలు వేసుకొచ్చాం.